నార్మల్ అని రాసి ఉన్న అంకె దగ్గర ఆగండి: క్లినికల్ ప్రశ్నల్లో రక్తపరీక్షలు, తరచుగా అడిగే ప్రశ్నలు

ఎంబీబీఎస్ ఫైనల్ ఇయర్‌లో ఉన్నవాళ్లు, నీట్ పీజీ, ఐఎన్ఐ సెట్, ఎఫ్ఎంజీఈ, ప్లాబ్‌లకు చదువుతున్నవాళ్లు లివర్ ఎంజైములు, థైరాయిడ్ ప్రొఫైల్, సీబీసీ గురించి మళ్లీ మళ్లీ అడిగే సందేహాలకు జవాబులివి. ఉదాహరణల్లోని రోగులు, అంకెలు ప్రశ్నల కోసం కల్పించినవి. ఇంట్లో ఎవరి రిపోర్టైనా చేతికొస్తే వాళ్లను చూస్తున్న డాక్టరుకే చూపించండి.

రిపోర్టు పక్కనే నార్మల్ రేంజ్ ఇస్తారు కదా, ఇంకా అర్థం చేసుకోవడానికి ఏముంటుంది?

ఆరోగ్యంగా ఉన్న చాలామందిని పరీక్షించి, వాళ్లలో నూటికి 95 మంది విలువలు ఎక్కడి నుంచి ఎక్కడి వరకు ఉన్నాయో చూసి ఆ హద్దులు గీస్తారు. అంటే ఏ జబ్బూ లేనివాళ్లలో కూడా నూటికి ఐదుగురు హద్దు బయట ఉంటారు. ఒకదానితో ఒకటి సంబంధం లేని 20 పరీక్షలు చేయిస్తే, పూర్తి ఆరోగ్యవంతుడికి కూడా కనీసం ఒక్కటైనా తేడాగా వచ్చే అవకాశం దాదాపు 64 శాతం. కాబట్టి కాస్త పెరిగిన ప్రతి అంకె వెంటా పడనక్కర్లేదు.

దీనికి రెండో వైపు ఉంది, ప్రశ్నలు తయారుచేసేవాళ్లు ఎక్కువగా వాడుకునేది దాన్నే. హద్దు లోపల ఉన్న విలువ ఆ రోగి ఉన్న స్థితికి సరైనదని అర్థం కాదు. ఎఫ్‌టీ4 బాగా తగ్గిన మనిషికి టీఎస్‌హెచ్ 2.4 ఉంటే అది ప్రింటులో నార్మలే, ఆ శరీరంలో మాత్రం కాదు. అందుకే కథ చదవగానే, అంకెలు చూడకముందే, ఈ మనిషికి ఏది పెరిగి ఉండాలి, ఏది తగ్గి ఉండాలి అని మనసులో అనుకోండి. తర్వాత రిపోర్టు చూస్తే, పెరగాల్సి ఉండీ పెరగని అంకె మీకే దొరుకుతుంది.

ఎల్‌ఎఫ్‌టీలో ఇన్ని అంకెలుంటాయి. మొదట దేన్ని పట్టుకోవాలి?

ముందు తేల్చాల్సింది ఒక్కటే: దెబ్బ కాలేయ కణాలకు తగిలిందా, పిత్తం పారే దారికి తగిలిందా. ఏఎల్‌టీ తన గరిష్ఠ హద్దుకు ఎన్ని రెట్లుందో చూడండి. ఏఎల్‌పీ తన హద్దుకు ఎన్ని రెట్లుందో చూడండి. మొదటిదాన్ని రెండోదానితో భాగిస్తే వచ్చేదే ఆర్ విలువ.

```
R = (ALT / ALT ULN) / (ALP / ALP ULN)
```

ఏఎల్‌టీ 820, హద్దు 40 అనుకుందాం. అది 20.5 రెట్లు. ఏఎల్‌పీ 180, హద్దు 120. అది 1.5 రెట్లు. భాగిస్తే 13.7 వస్తుంది. ఈ విలువ 5 గానీ అంతకు మించి గానీ ఉంటే కణాలకు తగిలిన దెబ్బ. 2 గానీ అంతకు తక్కువ గానీ ఉంటే పిత్తం నిలిచిపోవడం. మధ్యలో ఉంటే రెండూ కలిసినవి. పరీక్ష హాల్లో దశాంశాలదాకా లెక్క వేయనక్కర్లేదు, దేని రెట్లు ఎక్కువో కంటిచూపుకే తెలుస్తుంది.

ఒక్క ఏఎల్‌పీ మాత్రమే పెరిగితే అది కాలేయానిదే అనుకోకండి. ఎముక నుంచీ, మాయ నుంచీ కూడా వస్తుంది. చకచకా పొడుగవుతున్న పద్నాలుగేళ్ల కుర్రాడిలో, చివరి నెలల గర్భిణిలో పెద్దవాళ్ల హద్దు దాటడం సహజం. జీజీటీ కూడా పెరిగి ఉంటేనే కాలేయం వైపు నడవండి.

ఏఎస్‌టీ, ఏఎల్‌టీకి రెట్టింపు ఉంటే జవాబు మద్యమేనా?

చాలా ప్రశ్నల్లో అవును, కానీ దాని వెనుక కారణం తెలిసుంటేనే మినహాయింపు ప్రశ్నలో చిక్కుకోరు. ఈ రెండు ఎంజైములకూ బి6 విటమిన్ నుంచి వచ్చే పదార్థం కావాలి. ఎక్కువగా తాగేవాళ్లలో బి6 తగ్గిపోతుంది, ఆ లోటు ఏఎల్‌టీని ఎక్కువగా దెబ్బతీస్తుంది. పైగా మద్యం మైటోకాండ్రియాను పాడుచేస్తుంది, ఏఎస్‌టీలో ఒక భాగం అక్కడే ఉంటుంది. ఒకటి పెరగలేకపోవడం, ఇంకొకటి బయటికి రావడం కలిసి ఆ నిష్పత్తిని 2 దాటిస్తాయి.

ఇందులోనే ఒక పరిమితి కూడా ఉంది. మద్యం ఒక్కటే కారణమైతే ఏఎస్‌టీ సాధారణంగా 400 లోపే ఉంటుంది. రోజూ తాగే మనిషికి జ్వరమొచ్చి నాలుగు రోజులు పారాసిటమాల్ మింగాడని, ఏఎస్‌టీ 5200 ఉందని స్టెమ్‌లో ఉంటే, నిష్పత్తి ఎంతున్నా జవాబు మాత్ర దగ్గరే ఉంది. వేలల్లోకి వెళ్లిన ఎంజైములు ప్రధానంగా మూడు వైపులకు చూపిస్తాయి: మందు లేదా విషం, అక్యూట్ వైరల్ హెపటైటిస్, బీపీ పడిపోయి కాలేయానికి రక్తం అందకపోవడం.

ఇక ఏఎస్‌టీ కండరాల్లోనూ ఉంటుంది. నలభై రెండేళ్ల స్త్రీ, నీరసం, మెట్లెక్కితే తొడలు లాగేస్తున్నాయి. ఏఎస్‌టీ 78, ఏఎల్‌టీ 42, బిలిరుబిన్, ఏఎల్‌పీ, జీజీటీ అన్నీ నార్మల్. మద్యం అలవాటు లేదు. ఇక్కడ లివర్ అల్ట్రాసౌండ్ అడిగే ఆప్షన్ ఊరిస్తుంది. అడగాల్సింది సీకే. అది 1400 వచ్చింది, టీఎస్‌హెచ్ 68 వచ్చింది. కాలేయానికేమీ కాలేదు, థైరాయిడ్ తగ్గడం వల్ల కండరం దెబ్బతిన్నది. మన దగ్గర వానాకాలంలో తరచుగా చూసే డెంగీలో కూడా ఏఎస్‌టీ, ఏఎల్‌టీ కంటే ఎక్కువ పెరుగుతుంది.

ఎంజైములు తగ్గుతున్నాయంటే రోగి కోలుకుంటున్నట్టే కదా?

ఈ ప్రశ్న మీద నాకు ప్రత్యేకమైన పట్టింపు ఉంది, ఎందుకంటే ఇక్కడ తప్పు చదివితే వార్డులో ప్రాణం పోతుంది.

అక్యూట్ హెపటైటిస్‌తో చేరిన పాతికేళ్ల యువకుడు. చేరినరోజు ఏఎల్‌టీ 2800, బిలిరుబిన్ 8, ఐఎన్ఆర్ 1.5. ఐదోరోజు ఏఎల్‌టీ 340, బిలిరుబిన్ 21, ఐఎన్ఆర్ 4.1. మగతగా ఉన్నాడు, అడిగినదానికి పొంతన లేని జవాబులు చెబుతున్నాడు. ఆప్షన్లలో ఒకటి ‘కోలుకుంటున్నాడు, డిశ్చార్జికి సిద్ధం చేయండి’.

ఏఎల్‌టీ కాలేయం పనిచేస్తోందని చెప్పే పరీక్ష కాదు. కణాలు పగిలితే రక్తంలోకి కారే పదార్థం అది. పగలడానికి కణాలే మిగలకపోతే అది పడిపోతుంది. పనితీరు చెప్పేది గడ్డకట్టే పదార్థాల తయారీ, అంటే ఐఎన్ఆర్. వాటిలో ఏడో ఫ్యాక్టర్ కొన్ని గంటల్లోనే సగానికి తగ్గిపోతుంది కాబట్టి, కాలేయం పని ఆపేస్తే ఐఎన్ఆర్ త్వరగా బయటపెడుతుంది. ఆల్బుమిన్ సగానికి తగ్గడానికి దాదాపు 20 రోజులు పడుతుంది. అందుకే ఈ యువకుడి ఆల్బుమిన్ 3.8 ఉండొచ్చు, ఆ నార్మల్‌కు ఇప్పుడు ఏ విలువా లేదు. ఇది అక్యూట్ లివర్ ఫెయిల్యూర్. చేయాల్సింది ఐసీయూ సంరక్షణ, ట్రాన్స్‌ప్లాంట్ సెంటర్‌తో వెంటనే మాట్లాడటం.

ఐఎన్ఆర్ పెరగడానికి ఇంకో దారి కూడా ఉంది. పిత్తనాళం మూసుకుపోతే విటమిన్ కె పేగులో ఇమడదు. విటమిన్ కె ఇంజెక్షన్ ఇచ్చాక ఒకటి రెండు రోజుల్లో ఐఎన్ఆర్ సరయితే దోషం దారిది, కాలేయానిది కాదు. సరికాకపోతే కాలేయానిదే.

థైరాయిడ్‌కు టీఎస్‌హెచ్ ఒక్కటి చాలంటారు. మరి ఎఫ్‌టీ4 ఎందుకు?

గ్రంథిలోనే లోపముంటే టీఎస్‌హెచ్ నిజంగానే చాలా సున్నితమైన పరీక్ష. ఎఫ్‌టీ4 కొద్దిగా తగ్గినా టీఎస్‌హెచ్ అనేక రెట్లు పెరుగుతుంది. అందుకే ఎఫ్‌టీ4 ఇంకా హద్దులోనే ఉండగా టీఎస్‌హెచ్ 9కి చేరి సబ్‌క్లినికల్ దశ కనిపిస్తుంది. కానీ ఇదంతా పిట్యూటరీ సరిగ్గా పనిచేస్తోందన్న నమ్మకం మీద నిలబడింది. తలనొప్పి, చూపు తగ్గడం, తలకు రేడియేషన్, కాన్పులో విపరీతంగా రక్తం పోవడం, ఆగిపోయిన నెలసరి లాంటి మాట ఒక్కటి స్టెమ్‌లో ఉన్నా ఆ నమ్మకం వదిలేసి ఎఫ్‌టీ4 చూడాలి.

ఒక కేసు మొదటి నుంచి చివరిదాకా విప్పి చూపిస్తారా?

ముప్పై నాలుగేళ్ల స్త్రీ. ఏడాదిగా నీరసం, చలి తట్టుకోలేకపోవడం, ఆకలి లేదు. మూడేళ్ల కిందట రెండో కాన్పు, అప్పుడు రక్తం చాలా పోయి నాలుగు యూనిట్లు ఎక్కించారు. బిడ్డకు పాలు పడలేదు. ఆ తర్వాత నెలసరి రాలేదు. బీపీ 90/60. మనిషి పాలిపోయి ఉంది, చర్మం మీద నల్లదనం పెరగలేదు. హిమోగ్లోబిన్ 9.8, ఎంసీవీ 88. సోడియం 126, పొటాషియం 4.4. ఎఫ్‌టీ4 0.5, హద్దు 0.8 నుంచి 1.8. టీఎస్‌హెచ్ 2.4, హద్దు 0.4 నుంచి 4.5. ప్రశ్న: మొదట ఏ మందు ఇవ్వాలి? ఆప్షన్లు: లెవోథైరాక్సిన్, ఐరన్ మాత్రలు, హైడ్రోకార్టిసోన్, ఈస్ట్రోజన్.

కథ చదివినప్పుడే రెండు మాటలు పట్టుకోవాలి: పాలు పడలేదు, నెలసరి తిరిగి రాలేదు. మొదటిది ప్రొలాక్టిన్ లేదని, రెండోది ఎల్‌హెచ్, ఎఫ్‌ఎస్‌హెచ్ లేవని చెబుతున్నాయి. గర్భంలో పిట్యూటరీ పెరిగి ఉంటుంది, కాన్పులో బీపీ పడిపోతే దానికి రక్తం అందక చచ్చుబడిపోతుంది. ఇదే షీహాన్ సిండ్రోమ్. సంవత్సరాల తర్వాత బయటపడటం దీనిలో మామూలే.

ఇప్పుడు టీఎస్‌హెచ్ దగ్గర ఆగండి. ఎఫ్‌టీ4 0.5కి పడిపోతే, బాగున్న పిట్యూటరీ టీఎస్‌హెచ్‌ను పదుల్లోకి తీసుకెళ్లి ఉండాలి. 2.4 దగ్గరే ఉందంటే అది మౌనంగా ఉండిపోయింది. రక్తహీనతలో ఎంసీవీ మామూలుగా ఉండటం కూడా హార్మోన్ల లోపానికి సరిపోతుంది, ఐరన్ లోపమే ప్రధానమైతే ఎంసీవీ తగ్గేది. సోడియం తగ్గింది, పొటాషియం మాత్రం బాగుంది. అడ్రినల్ గ్రంథే దెబ్బతింటే ఆల్డోస్టిరోన్ కూడా పోయి పొటాషియం పెరిగేది, ఏసీటీహెచ్ పెరిగి చర్మం నల్లబడేది. ఆల్డోస్టిరోన్‌ను నడిపేది ప్రధానంగా రెనిన్, పిట్యూటరీ కాదు. అందుకే ఇక్కడ అది నిలబడింది. కార్టిసాల్ తగ్గడం వల్ల ఏడీహెచ్ పెరిగి నీరు నిలవడమే సోడియం పడిపోవడానికి ఒక కారణం. చూశారా, ఆ నార్మల్ పొటాషియమే లోపం ఎక్కడుందో చెప్పేసింది.

జవాబు హైడ్రోకార్టిసోన్. లెవోథైరాక్సిన్ ముందు ఇస్తే జీవక్రియ వేగం పెరుగుతుంది, శరీరంలో ఉన్న కొద్దిపాటి కార్టిసాల్ కూడా త్వరగా ఖర్చయిపోతుంది, రోగి అడ్రినల్ క్రైసిస్‌లో పడుతుంది. బీపీ ఇలా ఉన్నప్పుడు కార్టిసాల్‌కు రక్తం తీసి పంపి, ఫలితం కోసం కూర్చోకుండా స్టెరాయిడ్ మొదలుపెట్టాలి. థైరాక్సిన్ ఆ తర్వాతే. ఈ రోగికి డోసు సరిపోయిందా లేదా అన్నది టీఎస్‌హెచ్‌తో తెలియదు, ఎఫ్‌టీ4తో చూడాలి. ఆ చివరి వాక్యం మీదే వేరే ప్రశ్న అడుగుతుంటారు.

ఐసీయూలో ఉన్న రోగికీ ఎఫ్‌టీ4, టీఎస్‌హెచ్ రెండూ తక్కువగా రావచ్చంటారు. తేడా ఎలా పట్టాలి?

సెప్సిస్ లాంటి తీవ్రమైన జబ్బులో ముందుగా టీ3 తగ్గుతుంది, జబ్బు ముదిరితే టీ4, టీఎస్‌హెచ్ కూడా తగ్గుతాయి. రివర్స్ టీ3 సాధారణంగా పెరుగుతుంది. దీనికి మందు లేదు, అసలు జబ్బుకు వైద్యం చేసి, కోలుకున్నాక కొన్ని వారాలకు పరీక్ష మళ్లీ చేయాలి. తేడా పట్టించేది స్టెమే. షీహాన్ రోగి తన కాళ్ల మీద నడిచి ఓపీకి వస్తుంది, ఏళ్లనాటి కథ చెబుతుంది. ఈ రోగి నిన్నటిదాకా బాగున్నాడు, ఇప్పుడు వెంటిలేటర్ మీద ఉన్నాడు.

మొదటి మూడు నెలల గర్భిణిలో టీఎస్‌హెచ్ కాస్త తగ్గితే హెచ్‌సీజీ ప్రభావం గుర్తుంచుకోండి. జుట్టు కోసం బయోటిన్ మాత్రలు ఎక్కువ మోతాదులో వాడేవాళ్లలో కొన్ని యంత్రాలు టీఎస్‌హెచ్‌ను తక్కువగా, ఎఫ్‌టీ4ను ఎక్కువగా చూపించి లేని గ్రేవ్స్ జబ్బును సృష్టిస్తాయి. రోగికి గుండెదడ, వణుకు, బరువు తగ్గడం ఏవీ లేవని స్టెమ్‌లో రాస్తే, మాత్ర ఆపించి పరీక్ష మళ్లీ చేయడమే జవాబు.

హిమోగ్లోబిన్ 7.9 ఉన్నా ఎంసీవీ 86 నార్మల్ వచ్చింది. ఐరన్ లోపం కాదని కొట్టేయొచ్చా?

కొట్టేయకూడదు. ఎంసీవీ సగటు మాత్రమే. ఐరన్ లేక చిన్నబోయిన కణాలు సగం, బి12 లేక ఉబ్బిన కణాలు సగం ఉంటే సగటు చక్కగా మధ్యలో పడుతుంది. దాన్ని బయటపెట్టేది ఆర్‌డీడబ్ల్యూ, కణాల సైజుల్లో ఎంత తేడా ఉందో చెప్పే అంకె. 14.5 లోపు ఉండాల్సింది 22 ఉందంటే సగటును నమ్మొద్దు, స్మియర్ చూడాలి. పెన్సిల్ ఆకారపు కణాలతోపాటు, ఆరేడు తమ్మెలున్న న్యూట్రోఫిల్స్ కనిపిస్తే రెండు లోపాలూ ఉన్నట్టే. ఇలాంటి రోగికి ఐరన్ ఒక్కటే ఇస్తే హిమోగ్లోబిన్ కొంత పెరిగి ఆగిపోతుంది, ఎంసీవీ 100 దాటుతుంది. స్టెమ్‌లో ‘ఐరన్ మొదలుపెట్టాక ఎంసీవీ 108’ అని ఇస్తే దాగి ఉన్న బి12 లోపాన్ని అడుగుతున్నారని గుర్తించండి.

ఫెరిటిన్ నార్మల్ ఉంటే ఐరన్ నిల్వలు సరిపోయినట్టే కదా?

వాపు జబ్బు లేనివాళ్లలో అంతే. ఫెరిటిన్ ఇన్‌ఫ్లమేషన్‌లో దానంతటదే పెరుగుతుంది. రుమటాయిడ్ ఆర్థ్రైటిస్ ఉన్న స్త్రీ, సీఆర్‌పీ ఎక్కువ, నొప్పి మాత్రలు రోజూ వాడుతోంది, ఫెరిటిన్ 70. మామూలు మనిషికైతే ఇది హాయిగా ఉండే అంకె. ఈమెకు మాత్రం వాపు పైకి ఎత్తిన తర్వాత కూడా 70 దగ్గరే ఉంది. దీర్ఘకాలిక వాపులో ఫెరిటిన్ 100 లోపు ఉండి, ట్రాన్స్‌ఫెరిన్ శాచురేషన్ కూడా తగ్గి ఉంటే ఐరన్ లోపం కలిసి ఉందనే అనుకోవాలి. నొప్పి మాత్రల వల్ల కడుపులో రక్తం కారుతోందేమో చూడాలి.

తలసీమియా ట్రెయిట్‌ను సీబీసీలోనే అనుమానించవచ్చా?

చాలావరకు. ఎంసీవీని మిలియన్లలో ఉన్న ఎర్రకణాల సంఖ్యతో భాగించండి. ఎంసీవీ 64, కణాలు 5.8 అయితే 11 వస్తుంది. 13 లోపు ట్రెయిట్ వైపు, పైన ఐరన్ లోపం వైపు. కణాలు చిన్నవైనా సంఖ్య తగ్గకపోవడం ట్రెయిట్ లక్షణం. ఇది అనుమానమే. నిర్ధారణకు హెచ్‌బీఏ2 చూడాలి, 3.5 శాతం దాటితే బీటా ట్రెయిట్. ఐరన్ లోపం కూడా ఉంటే హెచ్‌బీఏ2 కిందికి దిగి నార్మల్‌గా కనిపించవచ్చు. పెళ్లికి ముందో, గర్భం తొలినాళ్లలోనో పరీక్షకు వచ్చిన జంట గురించి ప్రశ్న ఉండి, ఫెరిటిన్ 6 అని ఇచ్చారంటే ఆ నార్మల్ హెచ్‌బీఏ2తో భరోసా ఇవ్వకూడదు. గర్భం ఇప్పటికే మొదలైతే ఐరన్ సరయ్యేదాకా కాలయాపన చేయకుండా భర్తకు కూడా పరీక్ష చేయించాలి, అవసరమైతే జన్యు పరీక్షకు పంపాలి.

డెంగీ ప్రశ్నల్లో ప్లేట్‌లెట్లే కదా చూడాల్సింది?

ఇళ్లలో టెన్షన్ అంతా ప్లేట్‌లెట్ల చుట్టూ తిరుగుతుంది, ప్రశ్న మాత్రం ఎక్కువగా హెమటోక్రిట్‌లో ఉంటుంది. జ్వరం మూడోరోజు ఒక యువతి హెమటోక్రిట్ 34. ఐదోరోజు జ్వరం తగ్గింది, కడుపునొప్పి, ఆగని వాంతులు, హెమటోక్రిట్ 42, ప్లేట్‌లెట్లు 48,000. 42 అనేది స్త్రీలకు నార్మల్ హద్దులోనే ఉంది. కానీ 34 నుంచి చూస్తే దాదాపు 23.5 శాతం పెరుగుదల. 20 శాతం పెరిగిందంటే ప్లాస్మా నాళాల బయటికి కారుతోందని అర్థం. రక్తం కారడం లేకపోతే ఈ ప్లేట్‌లెట్లకు ఎక్కించే పని లేదు. కావాల్సింది జాగ్రత్తగా లెక్కించి ఇచ్చే సెలైన్, మూత్రం, పల్స్ ప్రెషర్, హెమటోక్రిట్ మళ్లీ మళ్లీ చూసుకోవడం. సెలైన్ మొదలుపెట్టాక హెమటోక్రిట్ 30కి పడిపోయి, నాడి మాత్రం వేగంగా, బలహీనంగానే ఉంటే అది మెరుగుదల కాదు. లోపల రక్తం పోతోంది, రక్తం ఎక్కించాలి.

ప్లాబ్‌కు చదువుతున్నాను. అంకెలన్నీ వింతగా ఉన్నాయి, ఏం చేయాలి?

యూనిట్లు మారాయి, అంతే. హిమోగ్లోబిన్ అక్కడ లీటరుకు గ్రాముల్లో ఇస్తారు కాబట్టి 98 అంటే మన 9.8. బిలిరుబిన్‌ను 17తో భాగిస్తే మన మిల్లీగ్రాములు వస్తాయి, 34 అంటే 2. ఎఫ్‌టీ4ను సుమారు 13తో భాగించండి, 6.4 అంటే మన షీహాన్ రోగి 0.5. టీఎస్‌హెచ్ అంకె రెండుచోట్లా ఒకటే. ఎంజైముల హద్దులు ల్యాబుకో రకంగా ఉంటాయి, ప్రశ్నపత్రంతోపాటు ఇచ్చిన హద్దులనే వాడండి.